తెల్లబడిన ఉంగరం

కువైట్‌కు పోతున్నానని తెలిసిన దగ్గర్నుంచి మా ప్రొద్దుటూరు డిపోలో అందరికీ నేను ఒక్కసారిగా సొంత అక్కనైపోయాను. ఒకరికి ఖర్జూరం కావాలి, ఒకరికి అత్తరు కావాలి, మా కంట్రోలరు గారికి మోకాళ్ళ నొప్పుల తైలం కావాలి. రిజర్వేషన్ కౌంటర్లో కూర్చునే పార్వతి మాత్రం అందరూ పోయేదాకా ఆగి, నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"మీ మేనకోడలు పూసుకునే క్రీము తే అక్కా. ఫోన్లో ఫోటో చూపిస్తివి కదా, ఎట్లుండే పిల్ల ఎట్లయిందో. మా పాపకు కావాల."

తెస్తాలే అన్నాను. తేలేదు. ఎందుకు తేలేదో పార్వతికి నోటితో చెప్పాను, మీకు రాసి చెబుతున్నాను.

ముందు నా సంగతి తెలియాలి. నేను బస్సు కండక్టర్ని. నలుపు. పెళ్ళిళ్ళ పేరయ్యలు చామనఛాయ అని దాటేసే నలుపు కాదు, అసలైన నలుపు. నా తమ్ముడు సుధాకర్‌ది మా అమ్మ రంగు. ఒకే కడుపు, ఒకే కంచం. అయినా చుట్టాలొస్తే వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని నన్ను మంచినీళ్ళు తెమ్మనేవాళ్ళు. ఆ రంగేదో ఆడపిల్లకు వచ్చింటే బాగుండు అని నా ముందే నిట్టూర్చేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నిట్టూర్చింది మా అమ్మే. కంసాలి పని చేసే మా నాన్న ఒక్కడే ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన దృష్టంతా బంగారం రంగు మీదే ఉండేది.

రిగ్గై

సుధాకర్ ఉండేది రిగ్గైలో, ఆరో అంతస్తులో. షువైఖ్‌లో ఒక గ్యారేజీకి సూపర్‌వైజరు. వాడి భార్య మాధవి, పదో తరగతి చదివే కూతురు నవ్య. రెండు గదుల ఇల్లు. బాల్కనీలో కరివేపాకు మొక్క పెంచుతున్నారు, దానికి మనిషికి చేసినట్టు సేవలు. కింద రొట్టెల బట్టీ ఉంది. యాభై ఫిల్సులకు మూడు పెద్ద రొట్టెలు, పొగలు కక్కుతూ. ఒక దినారంటే మన మూడు వందలకు కొంచెం తక్కువ, దినారుకు వెయ్యి ఫిల్సులు. మొదటి రోజు ప్రతిదీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకున్నాను. మరుసటి రోజు ఆ లెక్క మానేశాను, లేకపోతే అక్కడ ముద్ద దిగదు.

నవ్యను చూసి మూడేళ్ళయింది. చిన్నప్పుడు అచ్చం నా పోలిక, నా రంగు. ఇప్పుడు తలుపు తీసిన పిల్ల మొహం పాలిపోయిన గోధుమ పిండిలా ఉంది. దగ్గరికి తీసుకుంటే తెలిసింది. చెవుల వెనకా, వేళ్ళ కణుపుల మీదా పాత రంగు అట్లే ఉంది. కళ్ళ కింద ఉబ్బు. కాలి మేజోళ్ళు తీస్తే చీలమండ చుట్టూ లోతుగా గాడి పడి ఉంది, వేలితో నొక్కితే గుంట చాలాసేపు నిలిచింది.

"ఒళ్ళు చేసింది వదినా," అంది మాధవి సంతోషంగా. "ఇన్నాళ్ళూ పుల్ల మాదిరి ఉండేది. ఇప్పుడు రంగూ తేలింది, ఒళ్ళూ వచ్చింది."

నాకు ఆ లావు నచ్చలేదు. కళ్ళ కింది ఉబ్బు రాత్రి చదువుల వల్లనని పిల్లే సర్ది చెప్పింది.

శుక్రవారం మాధవి పిన్నమ్మ ఓబులమ్మ వచ్చింది. లక్కిరెడ్డిపల్లె దగ్గర ఊరు, పదిహేనేళ్ళుగా ఒక కువైటీ ఇంట్లో పని. యజమానురాలిని అక్కడి పనివాళ్ళందరిలాగే మామా, అంటే అమ్మా, అంటుంది. రొట్టెను చింతకాయ పచ్చడితో తింటూ చెప్పింది.

"పనోళ్ళను తెచ్చే ఆఫీసులో దేశానికొక రేటు తల్లీ. ఫిలిప్పీన్ ఆమెకు ఒకటి, మనకొకటి, ఆఫ్రికా ఆమెకు ఇంకోటి. దేశం చూస్తారు, మనిషిని చూడరు. దానికి అలవాటు పడినాం. నన్ను నొప్పించింది అది కాదు. మన ఏజెంటు, మన రాయచోటాయన, మా ఊరోళ్ళ ఫోటోలే రెండు కట్టలు చేసినాడు. ఎర్రగుండేటోళ్ళు పిల్లోళ్ళను చూసుకునేకి, ముందర హాల్లో టీ ఇచ్చేకి. నా మాదిరోళ్ళు వంటింటికి, కక్కూసులు కడిగేకి. దేశం ఒకటే, కులం కూడా ఒకటే."

"మీ మామా ఇంట్లో అందరూ తెలుపే కదా?" అన్నాను.

"యాడ తెలుపు? ఆయమ్మ పెద్దకూతురు నీ రంగే. వాళ్ళ తాతల్లో ఎవరో అట్లుండిరంట. పాస్‌పోర్టు అదే, డబ్బు అదే. అయినా చెల్లెలి పెండ్లయిపాయ, ఈ పిల్లను చూసేకి వచ్చినోళ్ళు కాఫీ తాగి పోతారు. బయటోళ్ళ ముందర ఆ ఇల్లంతా ఒకటే. లోపల మాత్రం ఆ పిల్ల ఒక మెట్టు కింద. మన ఇండ్లలో మాదిరే."

నవ్య ఫోను చూస్తున్నట్టే కూర్చుని ప్రతి మాటా వింది.

ఓబులమ్మ పోయాక మాధవి ఒక ఉంగరం తెచ్చి నా ముందు పెట్టింది. మా అమ్మ డబ్బులిస్తే నవ్యకు ఫహాహీల్‌లో కొన్నది, ఇరవై రెండు క్యారెట్లు. ఇప్పుడు సగానికి పైగా తెల్లటి మచ్చలు, వెండిలాగా.

"షాపోడు ఎండి మీద పూత పూసి ఇచ్చినాడు వదినా. నువ్వు కంసాలోళ్ళ బిడ్డవు. పోయి నాలుగు అడిగిరా."

గొడవకు నన్ను ఎవరైనా పిలవాలా? సరే అన్నాను.

సాల్మియా

దానికి ముందు ఇంకో మజిలీ ఉంది. ఉగాది కార్యక్రమానికి పిల్లల నృత్యం సాధన సాల్మియాలో, ఒక విజయవాడ డాక్టరు గారి ఇంట్లో. ఆయన భార్యే నేర్పుతుంది. సముద్రం కనిపించే హాలు, గాజు బల్ల మీద పులిహోర, జీడిపప్పు పకోడీ. మర్యాదలో ఏ లోటూ లేదు.

నవ్య ఆడుతుంటే నేను పకోడీ నమలడం మర్చిపోయాను. అంత బాగా ఆడుతుంది. ముందు వరసలో, మధ్యలో నిలబడింది.

"పోయినేడు వెనక వరసలో ఉండేదండీ," అంది ఆవిడ నా పక్కకు వచ్చి. "ఆట ఎప్పుడూ బాగానే ఉండేది. స్టేజి లైట్లకు కనపడదు కదా అని వెనక్కి వేశాం. ఈ ఏడు రంగు బాగా వచ్చిందండీ, అందుకే ముందుకు తెచ్చాం. అమ్మాయి ఎంత శ్రద్ధ తీసుకుందో."

"లైట్లు మార్చింటే సరిపోయేది కదమ్మా," అన్నాను.

ఆవిడ నవ్వింది. నేను హాస్యమాడాననుకుంది. ఆ నవ్వులో చెడ్డతనం లేదు, అదే నాకు భయమేసింది. కోపగించుకోవడానికి అక్కడ ఒక శత్రువు ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఫహాహీల్

మరుసటి రోజు నవ్యా నేనూ బస్సెక్కాం. సముద్రం పక్క రోడ్డు వెంబడి దక్షిణానికి పోయే బస్సు. కండక్టరు లేడు. డ్రైవరే డబ్బులు తీసుకుని, చిల్లర ఇచ్చి, బండి నడుపుతాడు. మా యూనియన్ వాళ్ళు చూస్తే ఏడుస్తారు. ఎవరూ గుమ్మంలో వేలాడడం లేదు, ఎవరూ రుమాలేసి సీటు పట్టడం లేదు. నాకు చేతులు ఊరికే ఉండలేక నలుగురిని లోపలికి జరగమన్నాను.

దారిలో ముగ్గురు అరబ్బు కుర్రాళ్ళు ఎక్కారు. మా ముందు సీట్లో కూర్చున్న తెల్లటి పంజాబీ ఆయన్నీ, వెనక ఉన్న కేరళ నర్సునూ, మమ్మల్నీ కలిపి వేలితో చూపించి, హిందీ హిందీ, అంటే ఇండియావాళ్ళు, అని ఒక్కటే మాట అని నవ్వుకున్నారు. ఒకడు ముక్కు మూసుకున్నాడు. నా చెయ్యి టికెట్ల సంచి కోసం వెతుక్కుంది, దాంతో కొట్టడానికి.

"వదిలేయ్ అత్తా," అంది నవ్య. "రోజూ ఉండేదే. వాళ్ళకు మనమందరం ఒకటే. తెలుపూ లేదు, నలుపూ లేదు, అందరం కలిసి తిట్టించుకుంటాం. స్కూలు బస్సులో అట్ల కాదు. ఆడుండేది మనోళ్ళే. తెలుగోళ్ళు, తమిళోళ్ళు, మలయాళీలు. నన్ను బొగ్గు అనేది వాళ్ళే. వీళ్ళు తిడితే ఇంటికిపోయి చెప్పుకోవచ్చు. వాళ్ళు అన్నది యాడ చెప్పుకోవాల? ఇంట్లో కూడా అదే కదా."

ఇంతకాలం నాకు తెలిసిన సంగతే. ఇంత తేటగా చెప్పుకోవడం నాకు ఈ వయసుకూ రాలేదు. బయటివాడి గీత మన జాతి మొత్తాన్ని అవతలికి నెడుతుంది. మనవాళ్ళ గీత మన కంచం మధ్యలో పడుతుంది. మొదటిదానికి తోడు దొరుకుతుంది, రెండోదానికి ఒంటరితనమే.

బంగారం షాపులో నేను గట్టిగానే మొదలుపెట్టాను. మా బస్సులో టికెట్ లేని వాణ్ణి పట్టుకున్నప్పటి గొంతు. కౌంటరు మీది మనిషి తొణక్కుండా గీటురాయి తీసి ఉంగరాన్ని పక్క నుంచి గీశాడు. గీత పసుపు పచ్చగా పడింది. దాని మీద ఆసిడ్ మందు చుక్క వేశాడు. చెరగలేదు.

"బంగారం మంచిదేనమ్మా," అన్నాడు హిందీలో. "పైన ఏదో పట్టింది."

ఉంగరం చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టాను. మా నాన్న గుర్తొచ్చాడు. అంగట్లో ఊడ్చిన దుమ్ములోంచి బంగారం రజను పట్టడానికి ఆయన పాదరసం సీసా తీసే రోజు, మమ్మల్ని వాకిట్లోకి తరిమేవాడు. అమ్మను దూరంగా ఉండమనేవాడు. పాదరసం సోకితే బంగారం తెల్లబడుతుందని, మనిషికి సోకితే బయటికి కనపడకుండా తినేస్తుందని చెప్పేవాడు. ఈ తెలుపు ఆ తెలుపే. నవ్య చెయ్యి అందుకుని ఉంగరం పెట్టుకునే వేలు చూశాను.

"పాపా, ఆ క్రీము ఈ చేత్తోనే పూస్తావా?"

"రెండు పూటలా. మొగానికి, మెడకు, చేతులకు. ప్రోగ్రాం దగ్గరికొచ్చిందని కాళ్ళకు కూడా."

"ఉంగరం తీయవా?"

"ఆడపిల్ల వేలు ఉట్టిగా పెట్టకూడదని అవ్వ చెప్పింది కదా. మొన్న అమ్మ తీసేదాకా ఎప్పుడూ తీయలేదు."

క్రీము కొన్న చోటికి తీసుకుపొమ్మన్నాను. రెండు వీధుల అవతల, మేడ మీద చిన్న బ్యూటీ పార్లరు. నడిపేది హలీమా అనే సూడాను మనిషి. మొహం లేత రంగు, కణుపులు నల్లన. నవ్య చేతుల్లో చూసిందే. పేరూ చీటీ లేని తెల్లటి డబ్బాలు అలమరలో వరసగా ఉన్నాయి. డబ్బా ఐదు దినార్లు. దాన్ని అక్కడ ఖల్తా అంటారు, అంటే కలిపినది. ఏమేమి కలుపుతావని మా కడప ఉర్దూలో అడిగితే, గల్ఫ్ హిందీలో చెప్పింది. ఒక తెల్లబరిచే క్రీము, ఒక దురద మందు ట్యూబు, సంచుల్లో తెచ్చే ఇంకో క్రీము. ఆ మూడోదానికి పేరు తనకూ తెలియదట. కలిపేటప్పుడు ప్లాస్టిక్ చేతి తొడుగులు వేసుకుంటుంది.

"బంగారం తీసేయమని అందరికీ చెబుతాను. పాడవుతుంది," అంది.

"బంగారం పాడయ్యేది పిల్లకు పూయొచ్చా?"

నేను తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె తన చేతులు తిప్పి చూపించింది.

"నేనూ అదే పూస్తాను. ఇరవై ఏళ్ళుగా. మా ఇంట్లో ఏడుగురం, నేనే నల్లదాన్ని. మా దగ్గర పెళ్ళికూతుర్ని నెల రోజులు గదిలో పెట్టి తెల్లబరుస్తారు. నన్ను చూడటానికి వచ్చినవాళ్ళు నా చెల్లెల్ని అడిగారు. ఇక్కడికొస్తే కువైటీకి నేనూ నా చెల్లెలూ ఒకటే, ఇద్దరం సూడానీలమే. కానీ సూడానీల పెళ్ళిలో నేను ఎక్కడ కూర్చుంటానో నాకు తెలుసు."

జుట్టు కత్తిరిస్తున్న ఫిలిప్పీన్ అమ్మాయి అద్దంలోంచి చూసి తమ దేశంలో తెల్లబరిచే సబ్బులూ ఉన్నాయి, సూది మందులూ ఉన్నాయి అంది, ధరలతో సహా. కొనే గిరాకీలు మగవాళ్ళు కూడానట. అందరూ ఒక కష్టం చెప్పుకుంటున్నారు, అందరూ అదే అమ్ముతున్నారు. ఒక డబ్బా కొన్నాను, డాక్టరుకు చూపించడానికి. ఐదు దినార్లిచ్చి విషం కొన్నది నా జీవితంలో అదొక్కసారే.

ఆసుపత్రి

ఇంట్లో ఆ సాయంత్రం మాధవితో నాకు మాట పెరిగింది.

"క్రీము పూసుకుంటే కాళ్ళు వాస్తాయా వదినా? ఉగాది అయిపోనీ, అప్పుడు మానేస్తుంది."

"ఉగాది దాకా పిల్ల ఉండాల కదా."

సుధాకర్ మధ్యలో వచ్చాడు. "నా బిడ్డ నల్లగుందని నేనెప్పుడన్నా అన్నానా?"

"నువ్వు అనలేదు," అంది మాధవి. ఆమె గొంతు మారింది. "మీ అమ్మ అనింది. పురిట్లోనే, బిడ్డను చూసి మొగం తిప్పుకుని, మేనత్త రంగొచ్చింది అనింది. నేను ఎర్రగుండానని నన్ను ఈ ఇంటికి కోడలుగా తెచ్చుకుంది. రంగు ఏం సంపాదిస్తుందో నాకు తెల్సు. నా బిడ్డకు అది లేకుండా పోతాందే అనే ఏడ్చి క్రీము తెచ్చినా. నేను పూసి చూసుకున్నాకే దానికిచ్చినా."

ఆ మాట నాకూ తగిలింది. పురిటి మంచం పక్కన ఒక పసిపిల్లను తిట్టడానికి వాడిన మాట నేనన్నమాట. అయినా మాధవి మీద అప్పటిదాకా ఉన్న కోపం ఎటో పోయింది.

పొద్దున్నే ఆసుపత్రికి పోయాం. ఈజిప్టు డాక్టరమ్మ నవ్య కాలు నొక్కింది, ఉచ్చ పోస్తే నురగ వస్తుందా అని అడిగింది. నెల రోజులుగా వస్తోందని పిల్ల తల వంచుకుని చెప్పింది. మూత్రపిండాలు వడపోయాల్సింది పోయి, ఒంట్లోని మాంసకృత్తుల్ని బయటికి వదిలేస్తున్నాయి. అందుకే ఆ వాపు. మాధవి ఒళ్ళు చేసిందనుకున్నది నీరు. క్రీము డబ్బా, తెల్లబడిన ఉంగరం బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ ఉంగరాన్ని చాలాసేపు చూసింది, క్రీమునూ తల్లీకూతుళ్ళ మూత్రాన్నీ పాదరసం పరీక్షకు పంపింది. క్రీములో పాదరసం తేలింది, నవ్య ఒంట్లో ఉంది, మాధవి ఒంట్లోనూ ఉంది. తువ్వాళ్ళు, దిండు గలీబులు మూటకట్టి పారేయమన్నారు. అది బట్టల్లోంచి, గాలిలోంచి ఇంట్లో అందరికీ అంటుతుందట.

"ఇది చర్మానికి రంగు వేయదు," అంది డాక్టరమ్మ, ఇంగ్లీషులో, నవ్యకే. "రంగు తయారు కాకుండా ఆపుతుంది. పూయడం మానేస్తే నీ రంగు నీకు వస్తుంది. కిడ్నీలు కూడా కోలుకోవచ్చు, కానీ మళ్ళీ పూస్తే నేను హామీ ఇవ్వను." ఆగి, తన గురించి ఒక మాట చెప్పింది. తను ఈజిప్టు దక్షిణాన పుట్టిందట. చదువుకోవడానికి ఉత్తరానికి పోతే సొంత దేశం వాళ్ళే ఆమె రంగుకొక పేరు పెట్టారట. ఆ పేరేమిటో చెప్పలేదు.

నవ్య ఒక్కటే అడిగింది. "ముందర కంటే నల్లగా అవుతానా?"

కొన్నాళ్ళు మచ్చలు మచ్చలుగా అవ్వొచ్చు అని ఆమె నిజం చెప్పింది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. మూత్రపిండాల మాటకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

నవ్యను ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. రెండో రోజు నృత్యం నేర్పే సాల్మియా ఆవిడ పళ్ళు తెచ్చింది. నెత్తురు తగ్గి, నీరు పట్టి, మొహం దిండంత అయి పడుకున్న పిల్ల తల నిమిరింది. బయటికొచ్చి మాధవితో మెల్లగా అంది.

"పాపం, నీరసంగా ఉందిగానీ, ఎంత తెల్లగా అయిందండీ."

నేను చేతిలో ఉన్న కమలాపండు నలిపేశాను. రసం మోచేతి దాకా కారింది.

షువైఖ్

బయల్దేరే ముందు ఉంగరం బాగుచేయించాలని సుధాకర్ నన్ను షువైఖ్ తీసుకుపోయాడు. గ్యారేజీలూ గోదాములూ ఉన్న చోటు. నూనె మరకల నేల, ఇనుము కోసే చప్పుడు, పెద్ద గిన్నెల్లో పప్పూ రొట్టె తినే పనివాళ్ళు. అక్కడ బంగారాన్ని పొగగొట్టం కింద కాల్చి, పట్టిన పాదరసం పోగొట్టే మనిషి ఉన్నాడు. ఆ పొగ పీల్చకూడదని నన్ను రోడ్డు అవతల నిలబెట్టాడు, మా నాన్న లాగే. ఉంగరం పచ్చగా తిరిగొచ్చింది, కాస్త సన్నబడి.

"అక్కా, నేను ఎప్పుడూ ఏమీ అనలేదు," అన్నాడు సుధాకర్ మళ్ళీ.

"అవును, అనలేదు. ఎవరన్నా అంటే ఆపనూ లేదు," అన్నాను. వాడు బండి తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డాడు.

ఉంగరాన్ని నవ్య వేలికి నేనే తొడిగాను. వాపు దిగుతోంది, వేలికి వదులైంది. ఒక ఒప్పందం చేసుకున్నాం. ప్రతి శుక్రవారం ఫోన్లో ఆ వేలు నాకు చూపించాలి. మాటలు అబద్ధం చెప్పినా బంగారం చెప్పదు.

"ఖలాస్ అత్తా, ఇంక పూసుకోను," అంది.

తిరిగొచ్చాక

ఖర్జూరాలు పంచాను. తైలం ఇచ్చాను. పార్వతిని కౌంటరు వెనక కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఉంగరం, వాపు, నురగ, ఏదీ దాచలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని వింది. చివర్లో చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అయితే అక్కా, రంగు మాత్రం వస్తుందా?"

వస్తుందని చెప్పాను. అబద్ధమాడటం చేతకాలేదు. పార్వతి టికెట్లు సర్దుకుంది.

నవ్య మాట నిలబెట్టుకుంది. ప్రతి శుక్రవారం తెరమీదికి ముందు ఆ వేలే వచ్చేది, తర్వాత మొహం. ఉంగరం పచ్చగా, మొహం మచ్చలు మచ్చలుగా. పరీక్షలు మెరుగవుతున్నాయని సుధాకర్ చెప్పేవాడు. దసరాకు ఇంకో ప్రోగ్రాం ఉందని, తనను మళ్ళీ వెనక వరసలో వేశారని పిల్ల నవ్వుతూనే చెప్పింది.

పోయిన శుక్రవారం ఫోను చేస్తే ముందు మొహం వచ్చింది. బాగుంది, మచ్చలు తగ్గాయి. స్కూలు కబుర్లు చాలా చెప్పింది. చెయ్యి చూపించు పాపా అన్నాను.

"చెయ్యి సబ్బు నీళ్ళలో ఉండాది అత్తా, మళ్ళీ చూపిస్తాలే," అంది.

ఆమె సోఫాలో కూర్చుని ఉంది. వెనక బాల్కనీలో కరివేపాకు మొక్క కనిపిస్తోంది. ఆ చెయ్యి మాత్రం దిండు కింద ఉంది.